మేనేజర్ వెళ్లిపోయిన రాత్రి నుంచి రెండు వారాలు: పాల చిల్లింగ్ సెంటర్లో నా అనుభవం

2025 జనవరి 9, గురువారం. రాత్రి 9.20కి మా ఏరియా మేనేజర్ ఫోన్ చేశారు. "మీ సార్ రేపటి నుంచి రానని మెసేజ్ పెట్టాడమ్మా. కొన్నాళ్లు నువ్వు చూసుకో" అన్నారు. ఎన్నాళ్లో చెప్పలేదు, నేనూ అడగలేదు. అలా అడగకపోవడమే నేను చేసిన మొదటి తప్పు.

నేను ప్రకాశం జిల్లాలో ఒక ప్రైవేటు డెయిరీ చిల్లింగ్ సెంటర్లో కెమిస్టుని. ఆరేళ్లుగా ల్యాబ్ తప్ప వేరేది చూడలేదు. మా సెంటర్‌కు 14 ఊళ్ల పాలు మూడు ఆటోల్లో వస్తాయి. సాయంత్రం పూట 1,800 లీటర్లు, ఉదయం 2,400 లీటర్లు, అటూ ఇటూగా. రెండు పూటల పాలు ఒకే ట్యాంకులో 4 డిగ్రీలకు చల్లబరిచి, రోజూ పదకొండు గంటలకు వచ్చే ట్యాంకర్‌కు ఎక్కిస్తాం. నాతో కలిపి ఆరుగురం. మిగతా ఐదుగురిలో పెద్దాయన ఆపరేటర్ బాబాయ్. ఆయనది పద్నాలుగేళ్ల సర్వీసు. ఆ కుర్చీ తనదే అవుతుందని ఆయన అనుకోవడంలో తప్పేమీ లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక ల్యాబ్ రిజిస్టర్ వెనక పేజీలో రెండు గడులు గీసుకున్నాను. ఒక దాంట్లో "ఆగితే పాడయ్యేవి", రెండో దాంట్లో "ఆగినా ఫర్వాలేనివి". మొదటి గడిలో చివరికి మూడే మిగిలాయి: పాలు చల్లబడటం, ట్యాంకర్ కదలడం, రైతుల బిల్లు. మిగతావన్నీ రెండో గడిలోకి పోయాయి. రూట్లు మార్చడం, పాలు దింపుకునే డాక్ మీద ఎప్పటి నుంచో గొడవగా ఉన్న షిఫ్టులు, అన్నీ. నాకు బాగా చేయాలని ఉన్నవే ఆ గడిలో ఎక్కువ ఉన్నాయి. పెన్ను పెట్టి వాటి మీద "25 తర్వాత" అని రాశాను.

మరునాడు ఉదయం నాలుగున్నరకే వెళ్లాను. ఆఫీసు గది తాళం వాచ్‌మన్ దగ్గర ఉంది కానీ బీరువా తాళం లేదు. డాక్ కుర్రాణ్ణీ వాచ్‌మన్‌నీ ఎదురుగా నిలబెట్టి, బయట కనిపించిన ప్రతి వస్తువూ కాగితం మీద రాసి ముగ్గురం సంతకాలు పెట్టాం. అప్పుడది అతిగా అనిపించింది. పది రోజుల తర్వాత పశువుల దాణా బస్తాల లెక్కలో 11 తగ్గాయని ఆడిటర్ అడిగినప్పుడు ఆ కాగితమే నన్ను కాపాడింది. 10వ తేదీ ఉదయానికే ఆ 11 లేవు. చిల్లర ఖర్చుల డబ్బా తెరిచి ఉంది. అందులో 12,000 ఉండాలి, ఉన్నవి 1,140 రూపాయలు, కొన్ని చీటీలు. ఫోటో తీసి ఏరియా మేనేజర్‌కు అప్పుడే పంపాను.

తాళాల కన్నా ఫోన్ నంబరు పెద్ద సమస్య అవుతుందని నేను ఊహించలేదు. ట్యాంకర్ డ్రైవర్, ఆటోవాళ్లు, ఊళ్లలో ఫ్యాట్ కొలిచి పాలు పోయించుకునే ఏజెంట్లు, కంప్రెసర్ మెకానిక్, అందరి దగ్గరా ఉన్నది సార్ సొంత నంబరే. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లాలంటే ఓటీపీ కూడా ఆ నంబరుకే వెళ్తుంది! రైతుల బిల్లు మా దగ్గర పక్షానికొకటి. ఒకటి నుంచి పదిహేను వరకు లెక్క 16న మూసి పంపితే 20న ఖాతాల్లో పడుతుంది. 410 మంది రైతులు, 31 లక్షల పైచిలుకు. లాగిన్ లేకపోతే బిల్లు మూయలేం.

సార్‌కు నాలుగుసార్లు చేశాను, ఎత్తలేదు. హెడ్డాఫీసు ఐటీ వాళ్లు "ఏరియా మేనేజర్ మెయిల్ పెడితేనే నంబరు మారుస్తాం" అన్నారు. అది శుక్రవారం మధ్యాహ్నం. శనివారం రెండో శనివారం, ఆదివారం సెలవు, సోమవారం భోగి, మంగళవారం సంక్రాంతి, బుధవారం కనుమ. వేళ్ల మీద లెక్కపెట్టుకునేసరికి కడుపులో తిప్పింది.

ఇక అప్పుడు మెయిల్ నేనే రాసి ఏరియా మేనేజర్‌కు పంపాను, ఆయన పేరుతో ఫార్వర్డ్ చేస్తే చాలన్నట్టు. ఐదు వాక్యాలు. ఏ తేదీ నుంచి నేను ఇన్‌ఛార్జిని, ఎప్పటి వరకు, ఎంత వరకు ఖర్చు నా సంతకంతో పెట్టొచ్చు, దానికి మించితే ఎవరు ఒప్పుకోవాలి, బిల్లింగ్ ఓటీపీ నా నంబరుకు మార్చండి. నేను ఖర్చు పరిమితి పదివేలు అని రాస్తే ఆయన ఐదువేలు చేశారు. "ఎప్పటి వరకు" దగ్గర "కొత్త మేనేజర్ వచ్చే వరకు" అని మార్చారు. అదనపు అలవెన్సు గురించి నేను రాయలేదు, మొహమాటపడ్డాను. అది ఆ తర్వాత అడిగితే "ముందే మెయిల్లో ఉండాల్సింది కదమ్మా" అన్నారు. మెయిల్ 11న వచ్చింది. ఓటీపీ మాత్రం 15 సాయంత్రం 6 గంటలకు మారింది, బిల్లు మూయడానికి ఒక్క రోజు ముందు.

ఈలోగా మనుషుల సంగతి. మొదటి రోజు ఉదయం పాలు దిగిపోయాక ఆపరేటర్ బాబాయ్ దగ్గరికి నేనే వెళ్లాను. "బాబాయ్, ఇది నేను అడిగి తెచ్చుకున్నది కాదు. కూలింగ్, జనరేటర్, ట్యాంకర్, వీటి విషయంలో నీ మాటే చివరి మాట. కాగితాలు నేను చూసుకుంటా" అన్నాను. ఆయన "సరేలేమ్మా" అన్నాడు, మొహం తిప్పుకుని. రెండు రోజులు నాతో టీ తాగలేదు. అందరినీ కూర్చోబెట్టి మీటింగ్ పెట్టాలా అని ఆలోచించి మానుకున్నాను. ఒక్కొక్కరితో విడిగా పది నిమిషాలు మాట్లాడాను. ఒక్కటే అడిగాను: "సార్ ఉన్నప్పుడు మీరు ఏ పనికి ఆయన్ని అడిగేవాళ్లు?" సమాధానాల్లో నాకు తెలియనివి చాలా వచ్చాయి. వాచ్‌మన్ జీతంలో వెయ్యి రూపాయలు సార్ చిల్లర డబ్బులోంచి ఇచ్చేవారట. జనరేటర్ బ్యాటరీ దిగిపోయిందని బాబాయ్ డిసెంబరులోనే చెప్పాడట.

ఆ బ్యాటరీ మాట నేను రెండో గడిలో రాశాను. ఇది నా రెండో తప్పు.

భోగి నాడు, సోమవారం, రాత్రి 8.40కి కరెంటు పోయింది. సాయంత్రం పాలు అప్పటికి 19 డిగ్రీల దగ్గర ఉన్నాయి, ఇంకా దిగుతున్నాయి. నాలుగుకు దిగిపోయిన పాలు కరెంటు లేకపోయినా ట్యాంకు ఇన్సులేషన్ మీద కొన్ని గంటలు ఆగుతాయి. సగంలో ఆగిన పాలే ప్రమాదం, ఆ వేడిలో సూక్ష్మజీవులు గబగబా పెరిగి తెల్లారేసరికి పులుపెక్కుతాయి. జనరేటర్ తిప్పితే టక్కుమని ఆగిపోతోంది. పండగ రాత్రి ఎవరి దుకాణం తెరిచి ఉంటుంది? బాబాయ్‌కు ఫోన్ చేశాను, ఏమంటాడో అని భయపడుతూనే. ఆయన భోజనం మధ్యలోంచి లేచి వచ్చాడు, దారిలో ఒక రూట్ ఆటో అబ్బాయిని లేపి, బ్యాటరీ విప్పించి మరీ తెచ్చాడు. 9.30కి జనరేటర్ అందుకుంది. ఉదయం ట్యాంకర్ ఎక్కించే ముందు నేను ఆల్కహాల్ పరీక్ష మూడుసార్లు చేశాను. ఒక గొట్టంలో పాలు, అంతే కొలత ఆల్కహాల్ పోసి కలిపితే పాలు పులిసి ఉంటే సన్నని ముక్కలు గొట్టం గోడకు అంటుకుంటాయి. మూడుసార్లూ గోడ నున్నగానే ఉంది. బాబాయ్ ఆ పూట నుంచి టీ మొదలుపెట్టాడు.

ఆ వారంలో నా చేతి డబ్బు ఎంత పోయిందంటే: 40 లీటర్ల డీజిల్‌కు దాదాపు 3,900, కొత్త బ్యాటరీ అడ్వాన్సు 4,000, పండగకు ఊరెళ్లిన డాక్ కూలీ బదులు వచ్చినవాడికి మూడు రోజులకు 1,800, మిగతావి కలిపి మొత్తం 11,300. ఐదువేల పరిమితి మెయిల్లో ఉంది కానీ ఆ ఐదువేలు ఎవరి జేబులోంచో మెయిల్లో లేదు. ఇంట్లో స్కూల్ ఫీజు కోసం తీసిపెట్టిన డబ్బు అది. మా ఆయన ఏమీ అనలేదు కానీ "చీటీలు జాగ్రత్త" అన్నారు. ప్రతి చీటీ వెనక ఎందుకు, ఎవరు చూస్తుండగా అని రాసి ఆ రోజే ఫోటో పంపేదాన్ని.

సార్ వెళ్లారని ఊళ్లకు తెలిసిన మూడో రోజు నుంచి "సార్ మాటిచ్చారు" మొదలైంది. ఒక ఏజెంటుకు 40,000 అడ్వాన్సు ఇస్తానన్నారట. ఒక ఆటోకు కిలోమీటరుకు రూపాయి పెంచుతానన్నారట. ఒక రైతుకు ఆరు దాణా బస్తాలు అప్పుగా ఇప్పిస్తానన్నారట. కాదని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు, ఔనని చెప్పడానికి అధికారం లేదు. చిన్న నోటుబుక్కు ఒకటి పెట్టాను. తేదీ, ఎవరు, ఎంత, మాటిచ్చినప్పుడు పక్కన ఎవరున్నారు. వాళ్ల ముందే రాసి, వాళ్లకే చూపించి, "25న చెప్తాను" అనేదాన్ని. పక్కన ఎవరున్నారో అడిగిన వెంటనే ఒకాయన "అబ్బే, ఊరికే అన్నాలేమ్మా" అని వెళ్లిపోయాడు. రెండు వారాల్లో ఏడు రాశాను.

16న బిల్లు మూశాం, రాత్రి పదకొండు దాటింది. మూసే ముందు ఒక రూట్ ఫ్యాట్ రీడింగులు ఇంకో రూట్‌లో ఎక్కించానని గమనించలేదు. ఒక ఊరి ఏజెంటు పట్టుకున్నాడు, "మేడం, మా ఊరికి గేదెలేమన్నా మారాయా?" అని. ల్యాబూ నేనే, ఆఫీసూ నేనే అని ఆరు రోజులు లాగితే ఇలాగే అవుతుంది. ఆ రాత్రే ఏరియా మేనేజర్‌కు చెప్పి పక్క సెంటర్ కెమిస్టుని రోజుకు నాలుగు గంటలకు అడిగాను. 17 నుంచి వచ్చాడు. ఇది మొదటి రోజే అడగాల్సింది. నా పాత పని ఎవరికీ అప్పజెప్పకుండా కొత్త పని నెత్తినేసుకోవడం గొప్ప అనుకున్నాను.

20న డబ్బు పడింది. 410లో ఆరుగురివి ఖాతా సమస్యతో వెనక్కి వచ్చాయి, 22కల్లా సరిచేశాం.

ఇక అసలు కథ ఫ్యాట్ తేడా. సంక్రాంతి మరునాడు ఏరియా మేనేజర్ ఒక షీట్ పంపి "డిసెంబరు నుంచీ ఇదే తంతు. ఆయన ఏం చేశాడో చూడు" అన్నారు. ఒక రోజు లెక్క చెబుతాను. మేం కొన్న పాలు 4,210 లీటర్లు, అంటే 4,336 కిలోలు. ఊళ్ల ఫ్యాట్ రీడింగుల సగటు 6.4 శాతం, అంటే 277.5 కిలోల ఫ్యాట్‌కు మేం డబ్బు కడుతున్నాం. ప్లాంటులో అదే ట్యాంకర్ 4,318 కిలోలు తూగింది, ఫ్యాట్ 6.2. అంటే 267.7 కిలోలే. దాదాపు పది కిలోలు లేవు. మా రేటులో కిలో ఫ్యాట్ 760 చొప్పున రోజుకు 7,400 రూపాయలు.

సార్ మధ్యలో పాలు అమ్ముకున్నారని డాక్ మీద అప్పటికే గుసగుసలు. బస్తాలు 11 తగ్గడంతో అవి ఇంకా బలపడ్డాయి. నాకూ ఒక పూట అదే అనిపించింది. కానీ పాలు తీసి అమ్మితే తూకం తగ్గాలి, తగ్గింది 18 కిలోలే, ఇంత దూరం ట్యాంకర్‌కు అది మామూలే. తీసినంత నీళ్లు పోస్తే తూకం సరిపోతుంది కానీ ఫ్యాట్‌తో పాటు ఎస్ఎన్ఎఫ్, అంటే పాలలో వెన్న కాని ఘనపదార్థాల శాతం, కూడా అదే లెక్కన పడాలి, 8.9 ఉన్నది 8.6కు. ప్లాంటు రిపోర్టులో ఎస్ఎన్ఎఫ్ 8.9గానే ఉంది. మీగడ మాత్రమే తీయాలంటే సెపరేటర్ కావాలి, మా దగ్గర లేదు. అంటే ఆ ఫ్యాట్ మా డాక్‌కు అసలు రాలేదేమో?

అప్పుడు ఊరి రీడింగులు, డాక్ రీడింగులు పక్కపక్కన పెట్టి చూశాను. డాక్ రీడింగు ఊరి రీడింగు కన్నా 0.3 కన్నా ఎక్కువ తగ్గితే ఏజెంటు కమీషన్లో కోత పడుతుంది, ఆ లోపు మాఫీ. కోతలు ఒక్కటీ లేవు. వింతేమిటంటే పదకొండు ఊళ్లకు డాక్ రీడింగే ఊరి కంటే ఎక్కువ. పాలు ఆటోలో గంటన్నర ఊగి వచ్చేసరికి వెన్న పెరుగుతుందా?

18న సాయంత్రం డాక్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కుర్రాడు క్యాన్ మూత తీసి, పైనుంచి గరిటెతో శాంపిల్ ముంచుతున్నాడు. ప్లంజర్ ఏది అంటే, విరిగి రెండు నెలలైంది, సార్‌కు చెప్పాం అన్నాడు. ప్లంజర్ అంటే పొడవాటి కడ్డీకి చిల్లుల బిళ్ల, క్యాన్ అడుగు వరకు కిందికీ పైకీ నాలుగైదుసార్లు ఆడిస్తే పాలు సమంగా కలుస్తాయి. పాలలో వెన్న పైకి తేలుతుంది. పైనుంచి ముంచితే వచ్చేది మీగడ పాలు. అదే క్యాన్‌లో పైనుంచి తీస్తే 6.8, కర్రతో బాగా కలిపి తీస్తే 6.5 వచ్చింది. నేను ల్యాబ్‌లో కూర్చుని రెండు నెలలు ఆ శాంపిళ్లే మిషన్‌లో పెట్టాను. ఒక్కసారి కూడా డాక్ మీదికి వచ్చి చూడలేదు.

మరునాడు ఒంగోలు నుంచి రెండు ప్లంజర్లు తెప్పించాను, 750. దుకాణంవాడు తెల్లకాగితం మీద రాసిచ్చాడు.

మొదటి రోజు నుంచే కలిపి తీసిన రీడింగుతో కోతలు వేయొచ్చు, కంపెనీ డబ్బు మిగులుతుంది. కానీ ఊళ్లలో ఏమంటారు? "కొత్తామె వచ్చి ఫ్యాట్ కోస్తోంది" అని. సాయంత్రానికి రెండు ఊళ్ల పాలు వేరే డెయిరీకి పోతాయి. అందుకే 20 నుంచి 22 వరకు మూడు రోజులు ఏజెంట్లను డాక్ దగ్గరికే రమ్మని, వాళ్ల క్యాన్ నుంచే పైన ఒకటి, కలిపి ఒకటి, రెండు శాంపిళ్లు తీసి చూపించాను. ఆ మూడు రోజులూ కోత లేదు. కలిపి తీస్తే పదకొండు ఊళ్లు ఊరి రీడింగుకు దాదాపు సరిపోయాయి. మూడు ఊళ్లు మాత్రం 0.5 చొప్పున తగ్గాయి. మూడూ పెద్ద ఊళ్లు, రోజూ వచ్చే పాలలో దాదాపు 40 శాతం వాటివే. 40 శాతం పాలలో 0.5 అంటే మొత్తం మీద 0.2. మా 6.4కీ ప్లాంటు 6.2కీ మధ్య తేడా అదే. పైనుంచి ముంచడం వల్ల ఆ మూడు ఊళ్ల తేడా 0.3 మాఫీలో దాక్కుంది.

ఆ ముగ్గురిలో ఒకాయన నాన్న వయసు మనిషి. "అంటే నేను దొంగనా అమ్మాయీ?" అని అందరి ముందు అరిచాడు. చేతులు వణికాయి నాకు. "నేనట్లా అనలేదు పెదనాన్నా, మీ మిషన్ చూపిద్దాం" అన్నాను. మిషన్ మెకానిక్ 23న వచ్చాడు. రెండు ఊళ్ల మిషన్లు కాలిబ్రేషన్ తప్పి ఎక్కువ చూపిస్తున్నాయి. మూడో ఊరి మిషన్ బాగానే ఉంది, అంటే అక్కడ వేరే సంగతి. దాన్ని రాసి పైకి పంపాను, పాత నెలల వసూళ్లు నా పరిధి కాదని అందులోనే రాశాను. ఏరియా మేనేజర్‌కు అది నచ్చలేదు. నెలాఖరుకు ప్లాంటుతో ఫ్యాట్ కిలోల్లో తేడా 0.7 శాతానికి దిగింది, మొదట్లో మూడున్నర.

21న రాత్రి సార్ తనంతట తానే ఫోన్ చేశారు. ఎందుకు వెళ్లారని అడగాలని నోటి దాకా వచ్చింది. అడిగితే మాట అక్కడే తెగిపోతుందని ఆపుకున్నాను. బీరువా తాళం ఎక్కడ, బస్తాలు 11 ఎటు పోయాయి, నోటుబుక్కులో ఉన్న ఏడు మాటలు నిజమేనా, ఈ మూడే అడిగాను. తాళం డాక్ స్విచ్‌బోర్డు వెనక ఉందట. బస్తాలు ఒక ఏజెంటుకు అప్పుగా ఇచ్చారట, చీటీ బీరువాలో ఉంది, మరునాడు దొరికింది. ఏడింటిలో మూడు నిజం, రెండు సగం నిజం, రెండు ఎప్పుడూ వినలేదన్నారు. ఆ నలభై వేలు రెండో రకం, ఆయన "చూద్దాం" అన్నారట. ప్లంజర్ సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "చెప్పారమ్మా, నేనే మర్చిపోయా" అన్నారు.

25న చెప్పినట్టే ఏడుగురికీ జవాబు చెప్పాను. బ్యాటరీ తప్ప రెండో గడిలో రాసుకున్న వాటిలో ఒక్కటీ ముట్టుకోలేదు.

కొత్త మేనేజర్ ఫిబ్రవరి 17న వచ్చారు. నా 11,300లో 10,550 అదే వారం ఖాతాలో పడింది, నేను పెట్టిన 38 రోజులకు. మిగిలిన 750 వెనక్కి కొట్టారు. ప్లంజర్లకు జీఎస్టీ బిల్లు లేదట.